ఆట ఆగిపోతే తర్వాత ఏంటి? కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ ఆడే పిల్లలు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

క్రికెట్ వాళ్ల కోసం రాసింది కాదిది. ఐపీఎల్ కాంట్రాక్టు, ప్రొ కబడ్డీలో పెద్ద వేలం ధర ఉన్నవాళ్ల లెక్కలు వేరు. జిల్లా దాటి రాష్ట్రానికి, రాష్ట్రం దాటి ఒకటో రెండో నేషనల్స్‌కి ఆడి, ఇరవై రెండు ఇరవై మూడేళ్లకు మోకాలో భుజమో పోగొట్టుకుని ఇంట్లో కూర్చునే పిల్లలే మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ. వాళ్లు అడిగేవే ఇవి.

రెండో కెరీర్ గురించి ఎప్పటి నుంచి ఆలోచించాలి? ఇప్పుడే ఆలోచిస్తే ఆట మీద మనసు పోతుందేమో?

పదో తరగతి అయిపోగానే. తొందరేమీ కాదు, ఎందుకో చెప్తాను. ఇంటర్‌లో గ్రూపు తీసుకునేటప్పుడే కొన్ని తలుపులు మూసుకుపోతాయి, ఆ సంగతి అప్పుడు ఎవరూ చెప్పరు. ఆటలు ఆడేవాడు కదా, ప్రాక్టీసుకి టైం కావాలి కదా అని సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేర్పిస్తారు. ఆరేళ్ల తర్వాత దెబ్బ తగిలి, ఫిజియో దగ్గర నెలల తరబడి ఉండి, "సార్, నేను కూడా ఫిజియో అవుతా" అంటాడు. బీపీటీలో చేరాలంటే ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలి. అప్పుడు మళ్లీ ఇంటర్ రాయాలా, అన్నేళ్ల కోర్సు మొదలుపెట్టాలా అని ఇంట్లో గొడవ.

అందరూ బైపీసీ చదవాలని కాదు. చదవగలిగిన పిల్లాడిని, ఆటలు ఆడుతున్నాడన్న ఒక్క కారణంతో తేలిక గ్రూపులోకి తోసేయకండి అంటున్నా. ఇక మనసు పోవడం సంగతి అంటారా, డిగ్రీ సప్లీ కట్టినందుకు రెయిడింగ్ మర్చిపోయినవాడిని నేనైతే చూడలేదు.

స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చేస్తే చాలు కదా, వేరే ప్లాన్ ఎందుకు?

వస్తే మంచిదే. కానీ కోటా అంటే అందరూ అనుకునేది ఒకటి, నోటిఫికేషన్‌లో ఉండేది ఇంకొకటి. మన పిల్లలకు పెద్ద ఆశ రైల్వే కాబట్టి దాన్నే తీసుకుందాం. రైల్వే ఓపెన్ అడ్వర్టైజ్‌మెంట్‌లో వయసు 18 నుంచి 25. ఇందులో ఎస్సీ, ఎస్టీ, బీసీ ఎవరికీ సడలింపు లేదు. చాలామంది మామూలు రైల్వే పోస్టుల్లాగే సడలింపు ఉంటుందనుకుని ఇరవై ఆరో ఏట అప్లై చేస్తారు, రిజెక్ట్ అవుతుంది.

రెండోది సర్టిఫికెట్ వయసు. అసలు దెబ్బ కొట్టేది ఇదే. మీరు సాధించినది నోటిఫికేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరంలో గానీ, దానికి ముందు రెండు ఆర్థిక సంవత్సరాల్లో గానీ అయి ఉండాలి. టోర్నమెంట్ ముగిసిన రోజును లెక్కలోకి తీసుకుంటారు. అంటే మూడేళ్లు దాటిన మెడల్‌కి అక్కడ విలువ సున్నా, అది బంగారమైనా సరే.

మూడోది ట్రయల్. మొత్తం 100 మార్కుల్లో 40 గ్రౌండ్‌లో మీ ఆట, ఫిట్‌నెస్, కోచ్‌ల పరిశీలనకు, 50 మీ మెడల్స్‌కి, 10 చదువుకి. ఆ 40లో 25 రాకపోతే మిగతా 60 ఎవరూ చూడరు. కాగితం మీద ఎంత పెద్ద ప్లేయరైనా, ఆ రోజు గ్రౌండ్‌లో దిగి ఆడాల్సిందే. దెబ్బ తగిలినవాడికి ఈ మూడు షరతులూ ఒకేసారి ఎలా అడ్డం పడతాయో కింద లెక్కతో చెప్తాను.

మోకాల్లో ఏసీఎల్ తెగింది. ఇప్పుడు నా పరిస్థితి ఏంటి?

కాస్త పెద్ద జవాబిది, ఓపిగ్గా చదవండి.

ముందు దెబ్బ సంగతి. రెయిడ్‌కి వెళ్లి తిరిగేటప్పుడు, లేదా జంప్ చేసి దిగేటప్పుడు, ఎవరూ తగలకుండానే మోకాలు లోపల "టప్" అన్నట్టు ఉండి, గంటల్లో వాచిపోతే, వాపు తగ్గాక కూడా మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టు అనిపిస్తే, ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్ తెగిందేమోనని అనుమానించి ఎంఆర్ఐ తీయించుకోండి. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నారని ఊరుకోవద్దు, లిగమెంట్ ఎక్స్‌రేలో కనపడదు. పుత్తూరు కట్టు కట్టించుకుని మూడు నెలలు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కట్టు ఎముక విరిగినప్పటి వ్యవహారం, పూర్తిగా తెగిన ఏసీఎల్ కట్టుతో అతుక్కోదు. మామూలు నడకకు ఆపరేషన్ లేకుండా, వ్యాయామంతోనే సర్దుకునేవాళ్లున్నారు గానీ, కబడ్డీ లాంటి మలుపుల ఆటకి తిరిగి వెళ్లాలంటే సాధారణంగా సర్జరీ చెప్తారు. సర్జరీ తర్వాత తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు, చాలామందికి ఏడాది. ఆరు నెలలకే పరుగెత్తగలుగుతున్నా కదా అని మ్యాట్ మీదకి దిగినవాళ్లకే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు లెక్క. ఒక కుర్రాడిని అనుకుందాం. 2003 సెప్టెంబర్‌లో పుట్టాడు, రెయిడర్. 2023 ఫిబ్రవరిలో ముగిసిన జూనియర్ నేషనల్స్‌లో వాళ్ల రాష్ట్ర జట్టుకి మూడో స్థానం వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం, రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయి. 2023 అక్టోబర్‌లో మోకాలు పోయింది. డబ్బులు సర్దుకుని డిసెంబర్‌లో సర్జరీ చేయించుకున్నాడు.

వయసు ప్రకారం వాడికి 2028 దాకా టైం ఉంది, అందుకే ఇంట్లో ఎవరికీ కంగారు లేదు. కానీ మెడల్ చూడండి. 2023 ఫిబ్రవరి అంటే 2022-23 ఆర్థిక సంవత్సరం. 2024-25లో వచ్చే రైల్వే నోటిఫికేషన్‌కి 2022 ఏప్రిల్ 1 తర్వాతివన్నీ పనికొస్తాయి, కాబట్టి ఈ మెడల్ చెల్లుతుంది. 2025-26 నోటిఫికేషన్‌కి 2023 ఏప్రిల్ 1 తర్వాతివి మాత్రమే. వాడి మెడల్ ఆ గీతకి నెలన్నర అవతల ఉండిపోయింది. అంటే వాడి చేతిలో ఉన్నది 2024-25 ఒక్కటే. సర్జరీ 2023 డిసెంబర్, తొమ్మిది నెలలంటే 2024 సెప్టెంబర్, ఏడాదంటే డిసెంబర్. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో, ట్రయల్ ఎప్పుడు పెడతారో జోన్‌ని బట్టి ఉంటుంది. మధ్యలో ఉన్నది కొన్ని నెలలే.

ఈ లెక్క సర్జరీ అయిన వారంలో వేసుకుంటే వాడికి మూడు దారులు కనపడతాయి. ఒకటి, రీహాబ్‌ని ఈ తేదీకి తగ్గట్టు ఒక పద్ధతిలో చేయడం, కానీ ఫిజియో ఒప్పుకుంటేనే ట్రయల్‌కి వెళ్లడం. రెండు, సర్జరీ తర్వాత ఇంటి పట్టున ఉండే నెలల్లో మిగిలిన రెండు సబ్జెక్టులు రాసేయడం, ఎందుకంటే డిగ్రీ లేకపోతే పై లెవెల్ పోస్టులకు అర్హతే ఉండదు, మిగతా ప్లాన్లన్నీ కూడా డిగ్రీ దగ్గరే ఆగిపోతాయి. మూడు, పాత మెడల్ కూడా చెల్లే వేరే నోటిఫికేషన్లు వెతకడం. రాష్ట్ర ప్రభుత్వాల్లో స్పోర్ట్స్ రిజర్వేషన్ ఉంది, తెలంగాణలో 2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 3 శాతానికి పెంచారు, 2025 మెగా డీఎస్సీలో దాన్ని అమలు చేశారు కూడా. కేంద్ర శాఖల్లో గ్రూప్ సి పోస్టులకు 5 శాతం దాకా స్పోర్ట్స్ కోటాలో తీసుకోవచ్చని నిబంధన. వీటిలో మెడల్ ఎంత పాతదైతే ఒప్పుకుంటారు, గ్రౌండ్ ట్రయల్ ఉందా అన్నది ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటుంది, ఆ పేరా వెతుక్కుని చదవండి.

లెక్క వేసుకోని కుర్రాడు ఏం చేస్తాడో కూడా చెప్తా. ఏడాది రెస్టు తీసుకుని, 2025లో ఫిట్ అయి, ఉత్సాహంగా అప్లై చేసి, మెడల్ డేట్ దగ్గర ఆగిపోతాడు. అప్పుడు కొత్త మెడల్ కోసం, పూర్తిగా కుదురుకోని మోకాలితో సీనియర్ సెలక్షన్స్‌కి వెళ్తాడు. రెండోసారి తెగేది అక్కడే.

మరి ఆట మానేయాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

సర్జన్‌ని "ఆడొచ్చా" అని అడిగితే "ఆడొచ్చు" అంటాడు, ఆయన దృష్టిలో మోకాలు బాగుపడింది. అడగాల్సింది ఇంకోలా: దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలితో పోలిస్తే ఎంత ఉంది, ఒంటికాలి మీద దూకే పరీక్షల్లో తేడా ఎంత, మోకాల్లో కుషన్‌లా పనిచేసే మెనిస్కస్ ఎంత తీసేశారు. బలం, దూకే దూరం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి చేరాలని ఫిజియోలు చూస్తారు. మెనిస్కస్ చాలా వరకు పోయుంటే, ఆడినా ఆడకపోయినా నలభైల్లో మోకాలి అరుగుదల ముందే వచ్చే అవకాశం ఎక్కువ.

నా అభిప్రాయం అడిగితే, ఒకే మోకాలికి రెండోసారి సర్జరీ అయి, వయసు ఇరవై మూడు దాటి, ఇండియా క్యాంపు పిలుపు ఇంకా రాకపోతే, ఆటని ఉద్యోగం కోసం ఆడటం ఆపేయండి. సాయంత్రం సరదాకి ఏ ఆట ఆడుకుంటారో అది మీ ఇష్టం.

నా దగ్గర ఇరవై సర్టిఫికెట్లు ఉన్నాయి. ఏవి పనికొస్తాయి?

ఇరవైలో మహా అయితే మూడు. కోటాకి లెక్కలోకి వచ్చేవి: దేశం తరఫున అంతర్జాతీయ పోటీలు, రాష్ట్రం తరఫున నేషనల్స్, యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వాళ్ల నేషనల్స్, ఈమధ్య చేర్చిన ఖేలో ఇండియా పోటీలు. ఊళ్లో సంక్రాంతి టోర్నమెంట్ కప్పులు, ఎమ్మెల్యే గారు ఇచ్చిన షీల్డులు ఇంట్లో షోకేస్‌కి.

మెడల్‌తో పాటు ఫారం కావాలి. కేంద్ర నిబంధనల్లో అంతర్జాతీయానికి ఫారం 1, దాని మీద నేషనల్ ఫెడరేషన్ సెక్రటరీ సంతకం. నేషనల్స్‌కి ఫారం 2, దాని మీద రాష్ట్ర అసోసియేషన్ సెక్రటరీ సంతకం. యూనివర్సిటీకి ఫారం 3, స్పోర్ట్స్ డైరెక్టర్ లేదా డీన్ సంతకం. స్కూల్ గేమ్స్‌కి ఫారం 4, విద్యాశాఖది. వీటిని ఉద్యోగం నోటిఫికేషన్ వచ్చాక తెచ్చుకుందాంలే అనుకోవద్దు. నాలుగేళ్ల తర్వాత ఆ సెక్రటరీ పదవిలో ఉండడు, లేదా అసోసియేషన్ రెండుగా చీలి ఎవరి సంతకం చెల్లుతుందో కోర్టులో తేలాల్సి ఉంటుంది. టోర్నమెంట్ అయిన నెలలోనే ఫారం తీసుకోండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా చూసుకోండి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండి వెరిఫికేషన్‌లో ఆగిపోయినవి బోలెడు.

ఇంకో మాట. "ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్, నేపాల్‌లో, మనిషికి ఇంత కడితే జెర్సీ, ట్రాక్‌సూట్, సర్టిఫికెట్" అని వాట్సాప్‌లో తిరిగేవి ఉంటాయే, వాటికి డబ్బు కట్టకండి. కేంద్ర క్రీడాశాఖ గుర్తింపు ఉన్న ఫెడరేషన్ జట్టుని పంపితేనే అది దేశం తరఫున ఆడినట్టు. ఊళ్లో ఫ్లెక్సీ పడుతుంది, ఉద్యోగం రాదు.

డిగ్రీ ఓపెన్‌లో చేస్తే ప్రాక్టీసుకి టైం ఉంటుంది కదా?

టైం ఉంటుంది, కానీ ఇంటర్ యూనివర్సిటీ పోతుంది. ఆ పోటీలకు రెగ్యులర్ విద్యార్థులనే పంపుతారు, దూరవిద్యలో చదివేవాళ్లకు అవకాశం లేదు. మన పిల్లల్లో చాలామందికి సీనియర్ నేషనల్స్ జట్టులో చోటు కంటే యూనివర్సిటీ జట్టులో చోటు దొరకడం తేలిక, కాబట్టి ఫారం 3 అన్నది చిన్న విషయం కాదు. నేనైతే పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా రెగ్యులర్‌లో, హాజరు విషయంలో సర్దుబాటు చేసే ఫిజికల్ డైరెక్టర్ ఉన్న కాలేజీలో చేరమంటా. దెబ్బ తగిలి మధ్యలో మానేసినవాళ్లకు, పెళ్లయి ఊరు మారినవాళ్లకు ఓపెన్ యూనివర్సిటీ బాగానే పనికొస్తుంది.

కోచ్ అవుతా. ఆట వచ్చు కదా, ఇంకేం కావాలి?

ప్రైవేటు అకాడమీలో సాయంత్రం బ్యాచ్ చూసుకోవడానికి ఏమీ అక్కర్లేదు, అందుకే అక్కడ జీతం కూడా అలాగే ఉంటుంది. ప్రభుత్వ కోచ్ పోస్టు, కేంద్ర స్పోర్ట్స్ అథారిటీ అయిన సాయ్‌లో కోచ్ పోస్టు కావాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ ఇచ్చే డిప్లొమా అడుగుతారు. ఏడాది కోర్సు, చేరడానికి డిగ్రీతో పాటు ఆటలో చెప్పుకోదగ్గ స్థాయి ఉండాలి. ఎంపికలో మీ ఆట, ఫిట్‌నెస్ కూడా చూస్తారు కాబట్టి మోకాలి సంగతి ఇక్కడ కూడా వస్తుంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఒకటి వేసవిలో పెడతారు. అది చేసి "ఎన్ఐఎస్ కోచ్" అని బోర్డు పెట్టుకునేవాళ్లున్నారు గానీ, కోచ్ ఉద్యోగాల్లో అది డిప్లొమాతో సమానం కాదు. ఆరు వారాలది ముందు చేసి, ఈ పని మనకి నచ్చుతుందా లేదా చూసుకోవడానికి వాడుకుంటే మంచిదే.

నచ్చుతుందా అన్నది పెద్ద ప్రశ్నే. పదేళ్ల పిల్లాడికి ఒకే ఫుట్‌వర్క్ రెండొందల సార్లు చెప్పగలరా? వాళ్ల నాన్న ఫోన్ చేసి "మావాడిని టీంలో ఎందుకు పెట్టలేదు" అంటే ఓపిగ్గా మాట్లాడగలరా? ఆట బాగా వచ్చినవాళ్లలో చాలామందికి ఈ రెండూ చిరాకు. రీహాబ్ నెలల్లోనే మీ పాత గ్రౌండ్‌లో పొద్దున బ్యాచ్‌కి ఉచితంగా సాయం చేయండి, రెండు నెలల్లో తేలిపోతుంది.

విదేశాల్లో అవకాశం ఉందా అని కూడా అడుగుతారు. బ్యాడ్మింటన్‌లో ఉంది. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచిన మన సాయి ప్రణీత్, 2024 మార్చిలో రిటైర్ అవుతూనే అమెరికాలో ఒక క్లబ్‌కి హెడ్ కోచ్‌గా వెళ్తున్నట్టు చెప్పాడు. అక్కడ మనవాళ్ల పిల్లలు బ్యాడ్మింటన్ బాగా ఆడుతున్నారు, అకాడమీలు పెరిగాయి. కబడ్డీ వాళ్లకి ఆ స్థాయిలో గిరాకీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

గోపీచంద్ గారిలా అకాడమీ పెడితే?

అందరూ ఆయన పేరే చెప్తారు. 1994లో పుణె నేషనల్ గేమ్స్‌లో ఆయన మోకాలి లిగమెంట్ తెగింది, తర్వాత ఆపరేషన్లు, అయినా 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అకాడమీకి ప్రభుత్వం 2003లో గచ్చిబౌలిలో ఐదెకరాలిచ్చింది, కట్టడానికి డబ్బు చాలక ఇల్లు తాకట్టు పెట్టారు, ఒక పారిశ్రామికవేత్త పెద్ద విరాళం ఇచ్చాక 2008కి గానీ అది నిలబడలేదు. ఆల్ ఇంగ్లండ్ ఛాంపియన్‌కే, స్థలం చేతికొచ్చాక కూడా ఐదేళ్లు పట్టింది. అదే గోపీచంద్ 2025లో, డబ్బున్న ఇంటివాళ్లయితే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని అన్నారు, ఆట అయిపోయాక ప్లేయర్లకి ఏ దారీ లేదన్న బాధతో. ఆ మాట మీద పెద్ద చర్చ నడిచింది. నాకు ఆ మాట పూర్తిగా నచ్చలేదు, కానీ తప్పని కూడా అనలేను.

అద్దె గ్రౌండ్‌లో పదిహేను మంది పిల్లలతో మొదలుపెట్టండి. పరీక్షల నెలల్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, సగం మంది రారు, ఫీజులు రావు, అద్దె మాత్రం కట్టాలి. ఈ మూడు నెలల అద్దె చేతిలో లేకుండా సింథటిక్ మ్యాట్ కోసం అప్పు చేయొద్దు.

పీఈటీ పోస్టు సంగతి?

డిగ్రీ తర్వాత బీపీఈడీ రెండేళ్లు, ఇంటర్ తర్వాతైతే డీపీఈడీ. రెండు రాష్ట్రాల్లోనూ పీఈసెట్ రాయాలి. పేరుకి సెట్ గానీ ఇందులో పరుగు, జంప్, షాట్‌పుట్ ఉంటాయి, తర్వాత మీ ఆటలో నైపుణ్య పరీక్ష. సర్జరీ అయిన ఏడాదిలోపు దీనికి వెళ్లకండి, వంద మీటర్ల పరుగులో స్టార్ట్ తీసుకునేటప్పుడే తొడ కండరం పట్టేసి ఇబ్బంది పడతారు. ఒక ఏడాది ఆగి, ఈలోపు డిగ్రీ పూర్తిచేసి, పరుగు టైమింగ్ తెచ్చుకుని వెళ్లండి.

బీపీఈడీ అయిపోయినా ప్రభుత్వ పోస్టులు ఏటా రావు. డీఎస్సీకి డీఎస్సీకి మధ్య ఏళ్ల గ్యాపు ఉంటుంది, ఆ మధ్యలో ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తూ బస్సు డ్యూటీ, క్రమశిక్షణ డ్యూటీ, వార్షికోత్సవం డాన్సుల డ్యూటీ అన్నీ మీదే పడతాయి. తెలిసి వెళ్లండి.

అమ్మాయిని. దెబ్బ తగిలేసరికి ఇంట్లో పెళ్లి అంటున్నారు.

ఇంట్లో వాదించడానికి ఒక గట్టి పాయింట్ ఇస్తా. బాలికల గురుకులాల్లో పీఈటీ, ఫిజికల్ డైరెక్టర్ పోస్టులు మహిళలకే. అబ్బాయిలతో పోలిస్తే పోటీపడేవాళ్లు తక్కువ, ఎందుకంటే బీపీఈడీ దాకా వచ్చే అమ్మాయిలే తక్కువ. "రెండేళ్లు ఆగండి, బీపీఈడీ చేసి గురుకులం నోటిఫికేషన్ రాస్తా" అని కచ్చితంగా చెప్పగలిగితే, ఊరికే "ఇంకా ఆడతా" అనడం కంటే నాన్న వినే అవకాశం ఎక్కువ. పెళ్లయ్యాక కూడా ఈ దారి మూసుకుపోదు, రైల్వే దారి మాత్రం పాతికేళ్లు దాటితే మూసుకుపోతుంది.

రైల్వేలో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు ఆట ఆగింది. ఉద్యోగం తీసేస్తారా?

సాధారణంగా తీసేయరు. కానీ ఇన్నాళ్లూ గ్రౌండ్ డ్యూటీ మీద ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఆఫీసుకో యార్డుకో వెళ్తారు. అక్కడ మీతో పాటు చేరినవాళ్లు అప్పటికే పని నేర్చుకుని, డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి పైకి వెళ్లి ఉంటారు. మీకు ఫైలు నోటు రాయడం కూడా రాదు. సూపరింటెండెంట్ కొంచెం చులకనగా "ప్లేయర్ గారూ" అని పిలుస్తాడు, అది నెలల తరబడి తినేస్తుంది. చాలామంది ఇక్కడే తాగుడులో పడతారు, ఎవరూ పైకి చెప్పరు గానీ.

ఆడుతున్న రోజుల్లోనే చేయాల్సినవి రెండు. ఆఫ్ సీజన్‌లో ఆఫీసుకి నిజంగా వెళ్లి ఏదో ఒక సీటు పని నేర్చుకోండి. ప్రమోషన్ పరీక్షల సిలబస్ తెప్పించుకుని, అర్హత వచ్చిన మొదటిసారే రాయండి. కరణం మల్లేశ్వరి గారిని చూడండి, 2000 సిడ్నీ కాంస్యం అందరికీ గుర్తుంది, 2004 ఏథెన్స్‌లో వెన్నునొప్పితో పోటీ మధ్యలోనే ఆగిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎఫ్‌సీఐ ఉద్యోగంలో పై స్థాయి అధికారి దాకా వెళ్లి, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్స్‌లర్ అయ్యారు. ఒలింపిక్ మెడల్ సాయం చేసిందనుకోండి, అయినా మధ్యలో పదిహేడేళ్లున్నాయి కదా.

ప్రభుత్వం పెన్షన్ ఇస్తుందట?

ఇస్తుంది, కానీ దాదాపు మీకు రాదు. కేంద్ర క్రీడా పెన్షన్ ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఏషియన్ గేమ్స్, కామన్‌వెల్త్ మెడల్ ఉన్నవాళ్లకి. 2018 సవరణ ప్రకారం నెలకి 12 వేల నుంచి 20 వేల దాకా, అదీ ముప్పై ఏళ్లు నిండి, ఆట నుంచి రిటైరయ్యాక. నేషనల్స్ మెడల్‌కి లేదు.

అందరికీ తెలియనిది ఇంకోటుంది, పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో కేంద్ర సంక్షేమ నిధి. ఆర్థికంగా ఇబ్బందిలో ఉన్న క్రీడాకారులకు, శిక్షణలో గానీ పోటీలో గానీ గాయపడినవాళ్లకు ఒకేసారి సాయం ఇస్తారు. దీనికి దెబ్బ క్యాంపులోనో పోటీలోనో తగిలిందని రుజువు కావాలి. అందుకే దెబ్బ తగిలిన రోజే టీం మేనేజర్ చేత, టోర్నమెంట్ డాక్టర్ చేత రెండు వాక్యాలు రాయించుకుని తేదీ, ముద్ర వేయించుకోండి. ఆరు నెలల తర్వాత ఎవరూ రాసివ్వరు.

రీసెట్ అని ఏదో కోర్సు ఉందన్నారు?

ఉంది. 2024 ఆగస్టు 29న కేంద్ర క్రీడాశాఖ మొదలుపెట్టింది, గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ ద్వారా నడుస్తోంది. 20 నుంచి 50 ఏళ్ల మధ్య, ఆట మానేసిన క్రీడాకారులకు. ఆన్‌లైన్‌లో చదువు, కొంత నేరుగా శిక్షణ, ఇంటర్న్‌షిప్. ఇంటర్ లేనివాళ్లకు కూడా విడిగా కోర్సులున్నాయి, నాకు నచ్చింది అదే. ఫిట్‌నెస్ ట్రైనర్, క్యాంప్ నిర్వహణ లాంటి పనులు నేర్పుతారు. దీన్ని ఎన్ఐఎస్ డిప్లొమాకి బదులుగా అనుకోవద్దు.

ఫిజియో కుదరకపోతే జిమ్, స్ట్రెంత్ కోచ్ దారి?

ఏ గ్రూపు చదివినా వెళ్లొచ్చు. అంతర్జాతీయంగా పేరున్న సీఎస్‌సీఎస్ పరీక్షకి డిగ్రీ ఉండాలి, పరీక్ష ఇంగ్లిష్‌లో, ఫీజు డాలర్లలో. పుస్తకం లావుగా ఉంటుంది, ఏడాది చదవాల్సిందే. రీహాబ్ చేయించుకున్నవాళ్లకి ఇందులో ఒక లాభం: మోకాలి తర్వాత ఏ వారం ఏం చేశారో రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే, చదివేటప్పుడు సగం పాఠం మీ కాలి మీదే అర్థమవుతుంది.

ఇవాళ్టికి ఇవాళ ఒక్క పని చేయాలంటే?

మీ మెడల్స్ అన్నీ ఒక కాగితం మీద రాయండి: టోర్నమెంట్ పేరు, ముగిసిన తేదీ, వచ్చిన స్థానం, ఏ ఫారం, ఎవరి సంతకం, తీసుకున్నారా లేదా. పక్కన అది ఏ ఆర్థిక సంవత్సరంలో పడుతుందో, రైల్వేకి ఏ మార్చి 31 దాకా చెల్లుతుందో రాయండి. ఫారం లేని గడి కనపడితే రేపు పొద్దున్నే అసోసియేషన్ ఆఫీసుకి వెళ్లండి, ఫోన్ చేస్తే ఎత్తరు.